వెడల్పు మూకుడులో గుత్తి వంకాయకు నీళ్లు ఎంత పెంచాలి?

అరకిలో వంకాయలకు 20 సెం.మీ. వెడల్పున్న లోతు గిన్నెలో 400 మి.లీ. నీళ్లు పోసి, మూత లేకుండా సన్న సెగపై 20 నిమిషాలు ఉడికిస్తే గ్రేవీ నాకు సరిగ్గా కుదురుతుంది. మొన్న చుట్టాలొచ్చారని 28 సెం.మీ. వెడల్పు మూకుడులో అవే కొలతలతో చేశాను. కాయలు ఉడక్కముందే నీరు ఇగిరిపోయి, నువ్వుల ముద్ద అడుగంటింది.

తర్వాత రెండింట్లోనూ ఉత్త నీళ్లు మరిగించి, సన్న సెగపై 20 నిమిషాలు ఉంచి, ముందూ వెనకా తూకం వేశాను. గిన్నెలో 160 గ్రాములు, మూకుడులో 310 గ్రాములు తగ్గాయి. పైభాగం వైశాల్యం కూడా దాదాపు రెట్టింపే కాబట్టి లెక్క సరిపోయింది. మంట పెంచితే మాత్రం ఈ లెక్క నిలవదు, అప్పుడు ఆవిరి మంటను బట్టే పోతుంది.

అంటే మూకుడులో 150 మి.లీ. అదనంగా పోయాలి. కానీ గ్రేవీపై నూనె తేలాక ఆవిరి తగ్గుతుంది కదా, అప్పుడు పలుచనైపోతుందేమోనని నా భయం. అదనపు నీళ్లు మొదట్లోనే పోయాలా, సగం ఉడికాక వేడివి కలపాలా? మూత సగం పెడితే ఎంత తగ్గించాలి? కొలిచి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.