మధ్యాహ్నం డోసు పట్టడం లేదు: తప్పు పప్పుదా, గడియారానిదా?

రెండోకూతురు
నాన్నకి పార్కిన్సన్స్ వచ్చి ఎనిమిదేళ్లు. లెవోడోపా 100, కార్బిడోపా 25 మిల్లీగ్రాములు ఉన్న మామూలు మాత్ర ఉదయం 7, 11, మధ్యాహ్నం 3, రాత్రి 7 గంటలకు రాసిచ్చారు. భోజనం 2 గంటలకి. 3 గంటల మాత్ర పడ్డాక కూడా 5 దాకా మనిషి కర్రలా బిగుసుకుపోయే ఉంటారు. బాత్రూమ్ గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోతాయి. ప్రొటీన్ వల్లే ఇదంతా, పప్పు, గుడ్డు, పాలు మానిపించేద్దాం అంటాడు అన్నయ్య. ఇప్పటికే చిక్కిపోయారు, ఇంకేం మానిపిస్తారు అంటుంది అమ్మ. ఎవరి మాట వినాలి?

పగలుఖాళీ
అన్నయ్య మాటే వినండమ్మా. నేనే పేషెంట్‌ని. పగలంతా ప్రొటీన్ జోలికి పోను, ఏం తిన్నా రాత్రి భోజనంలోనే. అంతకుముందు మధ్యాహ్నం మాత్ర వేసుకుని కుర్చీలో కూర్చుంటే లేవడానికి ఇంకొకరు చెయ్యి ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు సాయంత్రం దాకా నా పని నేను చేసుకుంటున్నాను. మాత్ర పెంచడం కంటే తిండి మార్చడం నయం.

చిన్నోడు
మా అమ్మకి పోయినేడే చెప్పారు ఈ జబ్బని. గుడ్డు తింటూనే మాత్ర మింగేస్తుంది, ఒక్కోసారి రెండు గంటలు లేటుగా కూడా వేసుకుంటుంది. ఏ తేడా లేదు. ఊరికే టెన్షన్ పడుతున్నారనిపిస్తోంది. అమ్మకి చెయ్యి వణుకు ఒక్కటే ఇబ్బంది, దానికి వేరే మందు ఏదైనా ఉందా?

మందులబల్ల
న్యూరాలజీ వార్డులో ఫార్మసిస్ట్‌ని. చిన్నోడు గారూ, మీ అమ్మగారి విషయంలో మీరు చూసింది నిజమే. కానీ దాన్ని ఎనిమిదేళ్ల పేషెంట్‌కి అంటగట్టకూడదు. లెవోడోపా రక్తంలో ఎక్కువసేపు నిలవదు, గంటన్నరకల్లా సగానికి పడిపోతుంది. జబ్బు మొదట్లో మెదడులో, ఒళ్లు కదలడానికి కావాల్సిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు ఇంకా కొన్ని మిగిలి ఉంటాయి. వచ్చిన మందును అవి డోపమైన్‌గా మార్చి దాచుకుని, కొంచెం కొంచెంగా వదులుతాయి. అందుకే డోసు రెండు గంటలు జరిగినా మనిషికి తెలియదు. ఏళ్లు గడిచేకొద్దీ దాచుకునే కణాలే తగ్గిపోతాయి. అప్పుడు రక్తంలో మందు ఎక్కితే ఒళ్లు ఆడుతుంది, దిగితే బిగుస్తుంది. డోసు లేటైతే కాళ్లు ఆగిపోవడానికి అసలు కారణం ఇదే. కిందటి మాత్ర అయిపోయింది, కొత్తది ఇంకా అందలేదు, మధ్యలో నిల్వ లేదు. మీ అమ్మగారి వణుకు మందు సంగతి వేరే టాపిక్‌గా పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

ఇక ప్రొటీన్. లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే. ప్రొటీన్ అరిగాక వచ్చే ల్యూసిన్, వాలిన్, ఫెనైలలనిన్ లాంటివీ ఇదీ ఒకే వాహకం మీద ఎక్కాలి, రైలుకి ఉన్న ఒక్క పెట్టెలోకి అందరూ తోసుకున్నట్టు. ఈ తోపులాట రెండు చోట్ల జరుగుతుంది: చిన్నపేగు మొదట్లో ఒకసారి, రక్తంలోంచి మెదడులోకి వెళ్లేచోట ఇంకోసారి. రెండోదే చాలామందికి తెలియదు. 1984లో ఒక ప్రయోగం చేశారు. లెవోడోపాను నేరుగా రక్తనాళంలోకి డ్రిప్‌గా ఎక్కిస్తూ పేషెంట్లకి ప్రొటీన్ ఎక్కువున్న భోజనం పెట్టారు. రక్తంలో మందు మోతాదు తగ్గలేదు, మనుషులు మాత్రం బిగుసుకున్నారు. అంటే మందు పేగు దాటేసినా మెదడు గుమ్మం దగ్గర ఆగిపోయింది.

అందుకని రెండోకూతురు గారూ, ఒక్క మాట చెప్పండి. ఉదయం 7 గంటల మాత్ర ఎంతసేపటికి పనిచేస్తుంది? 3 గంటల మాత్ర నిజంగా 3కే పడుతుందా?

రెండోకూతురు
ఉదయం పరగడుపున వేస్తాం, ముప్పావుగంటలో లేచి నడుస్తారు. 11ది కూడా బాగానే పట్టి రెండింటి దాకా నిలుస్తుంది. మధ్యాహ్నం మాత్రం నిజం చెప్పాలంటే తప్పుతుంది. భోజనం సర్దేసరికి 3:20, ఒక్కోసారి 3:40. ఆయన నిద్రపోతుంటే లేపబుద్ధి కాదు. అరగంట అటూ ఇటూ అయితే ఏం కొంప మునుగుతుందిలే అనుకుంటాం.

మందులబల్ల
మొత్తం అక్కడే తేలిపోతోంది. పరగడుపు మాత్ర ముప్పావుగంటలో పట్టిందంటే మాత్ర మంచిదే, డోసు చాలుతోంది, కడుపు కూడా సరిగ్గానే ఖాళీ అవుతోంది. ఉదయానిది కూడా గంటన్నర తీసుకుంటూ ఉంటే మలబద్ధకమో, కడుపు నెమ్మదిగా కదలడమో అని నేను వేరే దారిలో వెతికేవాణ్ని.

మధ్యాహ్నం ఏం జరుగుతోందో వరసగా చూడండి. 11 గంటల మందు 2, 2:30కల్లా దిగిపోతోంది. సరిగ్గా అప్పుడే పప్పు, గుడ్డుతో భోజనం. 3:30కి మాత్ర మింగేసరికి కడుపు నిండుగా ఉంది. మాత్ర కడుపులో ఎంతసేపున్నా ఉపయోగం లేదు, పేగులోకి దిగితేనే రక్తంలోకి ఎక్కుతుంది. నిండు కడుపు దాన్ని వదలదు. ఆలస్యంగా వదిలేసరికి భోజనంలోని అమైనో ఆమ్లాలు అప్పటికే రక్తంలో నిండి ఉంటాయి. లేటు, కడుపు, ప్రొటీన్, మూడూ ఒకే డోసు మీద పడ్డాయి. అందుకే 5 దాకా బిగుతు.

వెంటనే ఏమీ మానిపించకండి. ముందు భోజనాన్ని 12:30కి జరపండి. 11 మాత్రకి గంటన్నర దూరం, 3 మాత్రకి రెండు గంటల పైన దూరం వస్తుంది. మాత్రకి ముందు కనీసం గంట, తర్వాత అరగంట తిండి లేకుండా ఉండాలన్నది మామూలుగా చెప్పే లెక్క. మనం అంతకంటే ఎక్కువే ఇస్తున్నాం. 3కి అలారం పెట్టండి, నిద్రపోతున్నా లేపండి. ఈ దశలో అరగంట చిన్న విషయం కాదు. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో పార్కిన్సన్స్ మందు చెప్పిన టైమ్‌కి అరగంటలోపు ఇవ్వాలని ప్రమాణమే పెట్టారు. కడుపులో తిప్పితే పాలు కాకుండా ప్రొటీన్ లేని రెండు ముద్దలు ఏవైనా పెట్టొచ్చు.

పగలుఖాళీ
దూరం పెట్టడం నేనూ చేశానండీ. గంటన్నర ఆగినా మధ్యాహ్నం పప్పు తిన్నరోజు తేడా కొట్టేది. మీరు చెప్పిన 1984 ప్రయోగమే నా మాటకి సాక్ష్యం కదా. డ్రిప్‌లో ఎక్కించినా ఆగిందంటే టైమ్ మార్చి ఏం లాభం?

మందులబల్ల
పాయింటే. దూరం కడుపు సమస్యని తీరుస్తుంది. రక్తంలోని అమైనో ఆమ్లాలు కొన్ని గంటలుంటాయి కాబట్టి పెద్ద ప్రొటీన్ భోజనానికి దూరం ఒక్కటే చాలకపోవచ్చు. అలాంటివాళ్లకే మీరు చేసే పద్ధతి, ప్రొటీన్‌ను రాత్రికి జరపడం. జరపడం అంటున్నాను, మానడం కాదు. వాళ్ల నాన్నగారి బరువు 60 కిలోలనుకుంటే రోజుకి కిలోకి 0.8 గ్రాముల చొప్పున 48 గ్రాములు కావాలి. చిక్కిపోతున్న మనిషికి అంతకంటే తగ్గిస్తే కండ కరుగుతుంది, నడక ఇంకా పాడవుతుంది. వాళ్ల అమ్మగారి భయం ఉత్తది కాదు. పైగా ప్రొటీన్ ఒక్కసారిగా తీసేస్తే అదే 100 మాత్రలోంచి మెదడుకి ఎక్కువ చేరుతుంది. కొందరికి చేతులు, మెడ వాటంతటవే మెలికలు తిరగడం మొదలవుతుంది. అప్పుడు డాక్టరుగారు డోసు తగ్గించాలి. అందుకని రెండు మార్పులు ఒకేసారి చేయొద్దు. ముందు టైమ్. అది చూశాకే ప్రొటీన్.

పగలుఖాళీ
నాకు మెలికలు రాలేదు. రాత్రి పక్క మీద తిరగడం మాత్రం కష్టంగానే ఉంటుంది. దాన్ని ఒప్పుకునే ఈ పద్ధతి పెట్టుకున్నాను. పగలు నాది, రాత్రి దానిది. వాళ్ల నాన్నగారికి ఏది ముఖ్యమో ఆయన్నే అడగండి, మనం మనం తేల్చేస్తున్నాం.

రెండోకూతురు
టైమ్ మార్చి చూస్తున్నాం. భోజనం 12:30కి అయినరోజు 3 మాత్ర 4 లోపే పట్టేస్తోంది. ఒకరోజు చుట్టాలొచ్చి భోజనం రెండు దాటింది, మళ్లీ అదే కథ. అమ్మ నమ్మింది, అన్నయ్య సగమే నమ్మాడు. రెండు ప్రశ్నలు. డోసు లేటైతే తర్వాతిదాంతో కలిపి రెండు వేయొచ్చా? త్వరగా పట్టాలని అన్నయ్య మాత్రని పొడి చేసి ఇవ్వమంటున్నాడు, ఇవ్వొచ్చా?

మందులబల్ల
రెండు కలపొద్దు, బిగుతు పోయి మెలికలు, బీపీ పడిపోవడం వస్తాయి. గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసి, తర్వాతి డోసుని ఎంత జరపాలో మీ డాక్టరుగారి దగ్గర ముందే రాయించుకోండి. పొడి సంగతి మాత్ర రకాన్ని బట్టి. ఆయనది మామూలు మాత్రే అన్నారు కాబట్టి నలగ్గొట్టినా పాడవదు. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రని మాత్రం ఎప్పుడూ నలపకూడదు. పట్టీ మీద రాసి ఉంటుంది, ఒకసారి మందుల షాపులో చూపించి నిర్ధారించుకోండి. ఇంకొకటి, ఐరన్ మాత్ర ఉంటే లెవోడోపాకి దూరంగా, వేరే పూట వేయండి. రెండూ పేగులో అతుక్కుని మందు తక్కువ ఎక్కుతుంది. వాంతికి మెటోక్లోప్రమైడ్ ఇస్తామంటే జబ్బు పేరు చెప్పి ఆపించండి, అది డోపమైన్‌కే అడ్డుపడుతుంది. ఏ కారణంతోనూ లెవోడోపా పూర్తిగా ఆగిపోకూడదు. ఆగాక గట్టి బిగుతు, జ్వరం, అయోమయం కలిసి కనిపిస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

అడుగులమాస్టారు
ఫిజియోథెరపిస్ట్‌ని, ఆలస్యంగా చూశాను. అందరూ గుమ్మాన్ని మందు ఖాతాలో వేసేశారు, నాకు అంత తొందర లేదు. మందు దిగినప్పుడు కాళ్లు ఆగిపోవడం ఎక్కువ, నిజమే. కొందరికి మందు బాగా పట్టి ఉన్నప్పుడు కూడా గుమ్మం, మలుపు, ఇరుకు చోటు వస్తే ఆగిపోతారు. అలాంటప్పుడు మాత్ర పెంచినా ప్రయోజనం ఉండదు, ఒక్కోసారి ఇంకా ఆగుతారు కూడా. ఈలోగా గుమ్మం ముందు నేలమీద రంగు టేపుతో ఒక అడ్డగీత వేయండి, దాన్ని దాటమని చెప్పండి. వెనక నుంచి తోయొద్దు, పాదాలు కదలవు, ఒళ్లు ముందుకి పడుతుంది.

రెండోకూతురు
గీత వేశాం, దాటుతున్నారు. కానీ నిన్న 12 గంటలకి, 11 మాత్ర పట్టి ఉండగానే, అదే గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగారు. అది ఏ ఖాతా?

మందులబల్ల
ఒక్కసారికి నేను తీర్పు చెప్పను. భోజనం 12:30కి కాబట్టి ప్రొటీన్ మీద పెట్టలేం. 11ది సరిగ్గా ఎన్నింటికి మింగారు?

అడుగులమాస్టారు
నాకు మింగిన టైమ్ కంటే వీడియో కావాలి. 12కీ, 3 మాత్రకి ముందూ, అదే గుమ్మం దగ్గర ఫోన్‌తో తీయండి, పాదాలు కనిపించేలా. వీడియో మీద మందు వేసిన టైమ్ రాసి డాక్టరుగారికి చూపించండి. 12 వీడియోలో కూడా పదేపదే ఆగుతుంటే డోసు పెంచే మాట రాకముందే ఆయన అది చూడాలి.