ఆకుముడతకు మందు కొడితే సుడిదోమ ఎందుకు విరుచుకుపడింది?

కొత్తరైతు: వరి నాటిన నెలలోపే ఆకుముడత కనిపిస్తే సింథటిక్ పైరిథ్రాయిడ్ కొట్టాం. ముడత పోయింది. ఇప్పుడు పొట్ట దశలో సుడిదోమ. ఇమిడాక్లోప్రిడ్ రెండుసార్లు కొట్టినా లెక్కచేయడం లేదు. డోసు పెంచమంటారా?

మడిగట్టు: మందు నకిలీ అయ్యుంటుంది. అసలుది పడితే దోమ నిలుస్తుందా?

పురుగులశాస్త్రి: అసలు మందే అయినా నిలుస్తుంది. ఆసియాలో చాలాచోట్ల సుడిదోమ ఇమిడాక్లోప్రిడ్‌ను తట్టుకోవడం 2005 నాటికే బయటపడింది. కొట్టిన ప్రతిసారీ మెతకవి చస్తాయి, మొండివి మిగిలి పిల్లలు పెడతాయి. డోసు పెంచితే ఆ ఏరివేత ఇంకా గట్టిగా జరుగుతుంది, అంతే.

అసలు తప్పు మొదటి మందుది. దోమ గుడ్లు ఆకు తొడిమ లోపల ఉంటాయి, మందు వాటిని ముట్టుకోదు. ఆ గుడ్లను పీల్చేసే పచ్చ మిరిడ్ నల్లులు, దోమను పట్టే సాలీళ్లు మాత్రం బయట తిరుగుతూ చస్తాయి. వారం, పది రోజుల్లో గుడ్లు పగిలేసరికి తినేవాళ్లు లేరు. నెల పైరులో ఆకుముడతను పైరే కొత్త ఆకులతో పూడ్చుకునేది.

మిరపతోట: మా మిరపలో తామర పురుగుకూ ఇదే కథ. ఏం కొట్టమంటారు?

నాగలి_చాలు: సాలీళ్లంటూ కూర్చుంటే పంట సుడులు సుడులుగా ఎండిపోతుంది. పైరిథ్రాయిడ్ దోమకు టానిక్ అని కూడా అంటారేమో!

పురుగులశాస్త్రి: నవ్వకండి, అందులో కొంత నిజముంది. చావని మోతాదులో తగిలితే ఆడ దోమ ఎక్కువ గుడ్లు పెట్టడం డెల్టామెత్రిన్‌తో ప్రయోగాల్లోనే చూశారు. 1986లో ఇండోనేషియా వరిలో 57 మందులను నిషేధించింది కూడా ఈ దోమ దెబ్బకే.

నాగలి_చాలు: ఇండోనేషియా సంగతి మాకెందుకు? మందే వద్దంటారా?

పురుగులశాస్త్రి: ఎవరన్నారు వద్దని? లెక్క చూసి కొట్టమన్నాను. పొలంలో అక్కడక్కడా కుదుళ్లు తట్టి అడుగున చూడండి. పిలకల దశలో కుదురుకు 10, 15 దోమలు దాటితేనే మందు. ఆ లెక్కలో సాలీళ్లు బాగా కనిపిస్తే ఇంకొన్నాళ్లు ఆగొచ్చు.

మడిగట్టు: ఎన్ని సాలీళ్లుంటే ఆగాలో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. మాకు కుదురుకు ఒకటి చాలన్నారు, చాల్లేదు.

ఊడ్పులక్క: కొత్తరైతు తమ్ముడూ, ముందు నీళ్లు తీసి మడి ఆరబెట్టు. దోమ కూర్చునేది కుదురు మొదట్లో, పైపైన కొడితే మందు అక్కడికి చేరదు. ప్రతి రెండు మీటర్లకు కాలిబాట తీశారా?

కొత్తరైతు: తీయలేదక్కా, ఒత్తుగా నాటేశాం. ఇప్పుడు పైరు పాయలు చేసి కొట్టొచ్చా?

ఊడ్పులక్క: పాయలు చేసి నాజిల్ కుదురు మొదట్లోకి దించి కొట్టు. ఇమిడాక్లోప్రిడ్ వద్దు, వేరే గ్రూపు మందు, పైమెట్రోజిన్ లాంటిది తీసుకో. అది తాగినా దోమ వెంటనే చావదు, రసం పీల్చడం మానేసి మాడి చస్తుంది. మర్నాడే కదులుతోందని మళ్లీ కొట్టేయకు.

మిరపతోట: తామర పురుగు గురించి ఒక్కరూ చెప్పరేంటండీ?