స్వైప్ మిషన్ డబ్బు 5,247.98 తక్కువగా పడింది, ఎక్కడ పోయిందో ఎలా పట్టుకోవాలి?

పూర్ణా మార్కెట్ చీరల షాపు: గురువారం మా పుస్తకంలో కార్డు అమ్మకాలు 24,600. శుక్రవారం బ్యాంకులో పడింది 19,352.02. ఎప్పుడూ రెండు మూడు వందలు తగ్గేది, ఈసారి ఏకంగా ఐదు వేలు దాటింది. క్యూఆర్ డబ్బు వేరేగా వస్తుంది, దాని లెక్క సరిపోయింది. స్లిప్పులన్నీ ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.

గాజువాక మొబైల్ షాపు: బ్యాంకు రెండు శాతం కోసుకుంటుంది అన్నా. మేం ఎంత పడితే అంతే అమ్మకం కింద రాసేస్తాం, గొడవ ఉండదు.

ఎంవీపీ కాలనీ అకౌంటెంట్: చార్జీ కోస్తారన్నది నిజమే. కానీ 24,600కి రెండు శాతం 492, జీఎస్టీ కలిపినా 580.56. ఐదు వేలకు అది జవాబు కాదు. పడినంతే అమ్మకంగా రాయడం మాత్రం మానండి. మీరు బిల్లు వేసింది పూర్తి మొత్తానికి, జీఎస్టీ రిటర్నులో చూపాల్సిందీ అదే. చార్జీ మీ ఖర్చు.

చీరల షాపు గారూ, రోజు అమ్మకాన్ని బ్యాంకు జమతో నేరుగా పోల్చకండి. బ్యాంకులో పడిన ఆ ఒక్క జమకు ఒక యూటీఆర్ నంబరు ఉంటుంది. మిషన్ ఇచ్చినవాళ్ల యాప్‌లో సెటిల్‌మెంట్ రిపోర్టు దించుకుని, అదే యూటీఆర్ ఉన్న వరుసలు మాత్రమే తీయండి. ఏ స్లిప్పు అందులో లేదో, మీ పుస్తకంలో లేని వరుస ఏది ఉందో చూసి చెప్పండి.

మధురవాడ కిరాణా: మా దగ్గర పోయిన వారం ఒకావిడ ఖాతాలో డబ్బు కట్ అయింది, మాకు రాలేదు. ఇదీ అదేనేమో?

ఎంవీపీ కాలనీ అకౌంటెంట్: కాదండీ. అక్కడ మీకు అమ్మకమే ఖరారు కాలేదు. అలాంటివి లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లో ఆవిడ ఖాతాకు తిరిగి వెళ్లాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. దాటితే బ్యాంకు రోజుకు వంద రూపాయలు ఆవిడకే ఇవ్వాలి. ఇక్కడ స్లిప్పులు వచ్చాయి కాబట్టి సంగతి వేరు.

పూర్ణా మార్కెట్ చీరల షాపు: తీశాను. రాత్రి 9:20కి చేసిన 3,200 బిల్లు ఆ రిపోర్టులో లేదు. 1,150 మైనస్‌లో ఒక వరుస ఉంది. అది మంగళవారం కొన్న చీర గురువారం వెనక్కి ఇస్తే మా తమ్ముడు కార్డుకే రీఫండ్ చేసింది. రిటర్నులు మేం వేరే పేజీలో రాస్తాం.

ఎంవీపీ కాలనీ అకౌంటెంట్: ఆ 3,200 స్లిప్పు మీద బ్యాచ్ నంబరు చూడండి. మిగతా వాటికంటే వేరేగా ఉంటే బ్యాచ్ మూసిన తర్వాత గీసినట్టే, తర్వాతి జమలో వస్తుంది. అంటే ఈ జమలోకి వచ్చిన బిల్లులు 21,400. రీఫండ్ పోతే 20,250. ఇక కార్డుల రకం చెప్పండి.

పూర్ణా మార్కెట్ చీరల షాపు: బ్యాచ్ నంబరు వేరే. క్రెడిట్ కార్డులవి 12,000, మా రేటు 1.8 శాతం. మామూలు డెబిట్ 5,000, దానికి 0.9. మిగతా 4,400 రూపే డెబిట్. రెండు వేల లోపు బిల్లులు రూపేలోనే ఉన్నాయి.

ఎంవీపీ కాలనీ అకౌంటెంట్: రూపే డెబిట్‌కి 2020 జనవరి నుంచి ఈ చార్జీ లేదు. మిగతా రెండింటికీ 216, 45 కలిపి 261. దాని మీద 18 శాతం జీఎస్టీ 46.98. మొత్తం 307.98. కాబట్టి 19,942.02 పడాలి. ఇంకా 590 తేడా ఉంది.

అర్థం కాని తేడా మిగిలినప్పుడు నేను దాన్ని 1.18తో భాగిస్తాను. 590కి సరిగ్గా 500 వస్తుంది. ఇలా రౌండ్ ఫిగర్ వస్తే ఏదో ఫీజు, దాని మీద జీఎస్టీ అని అనుమానించాలి. మిషన్ అద్దె కావచ్చు. రుజువు మాత్రం కాదు, రిపోర్టులో మినహాయింపుల గడి చూడాలి.

పూర్ణా మార్కెట్ చీరల షాపు: మినహాయింపుల్లో 590 ఉంది, కానీ దేనికో రాయలేదు. మిషన్ పెట్టినప్పుడు అద్దె లేదన్నారు.

గాజువాక మొబైల్ షాపు: మాకూ మొదట్లో అద్దె లేదనే చెప్పారు, తర్వాత మొదలుపెట్టారు. నెలకు ఇన్ని లావాదేవీలు చేయకపోతే అద్దె అని కాగితంలో ఉంది. మీ అగ్రిమెంటు చూసుకోండి.

ఎంవీపీ కాలనీ అకౌంటెంట్: అది తేలేదాకా 590ని ఖర్చులో రాయకండి. కార్డు బాకీ అని ఒక ఖాతా తెరిచి 24,600 అందులో రాయండి. జమ, రీఫండ్, చార్జీలు తీసేస్తే 3,790 మిగులుతుంది. తర్వాతి జమలో 3,200 కనబడగానే 590 ఒక్కటే నిలుస్తుంది. దానికి పన్ను ఇన్వాయిస్ ఇవ్వమని మెయిల్ పెట్టండి. ఫోన్లో అడిగితే ఆధారం మిగలదు. ఇన్వాయిస్ వస్తే దేనికి కోశారో అందులోనే ఉంటుంది. మీరు కాంపోజిషన్‌లో లేకపోతే ఆ 90 ఇన్‌పుట్ కూడా తీసుకోవచ్చు.

పూర్ణా మార్కెట్ చీరల షాపు: 3,200 ఇవాళ్టి జమ రిపోర్టులో కనబడింది. 590కి మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. అగ్రిమెంటు కాగితం ఇంట్లో వెతకాలి.