ఈ వారం సమస్య: «పెండ్లి శుభము చెప్ప బెదరవలెను»

నిర్వాహకుడు (సింగరాయకొండ):
ఆదివారం మా స్నేహితుడి పెళ్లి. వాట్సాప్ గుంపులో శుభాకాంక్షలు రాద్దామని కూర్చుంటే పది నిమిషాలు టైపు చేయడం, చెరపడం. గుంపులో వాడి కాబోయే మామగారున్నారు, ఆఫీసు పెద్దాయన ఉన్నారు, పెళ్లికూతురి అన్నలిద్దరున్నారు. «ఒరే» అని మొదలుపెట్టి «చిరంజీవి» దాకా వెళ్లి ఆగిపోయాను. ఆ బెదురులోంచి ఊడిపడిందే ఈ పాదం. పూరించండి. శనివారం రాత్రి వరకే గడువు. నచ్చింది వాడికి పంపుతాను.

కావలి మాస్టారు:
గుంపులోన మామ కూర్చుండి చదువంగ
పాత కథలు చెప్ప బరువు పోవు
ఒంటరిగను పంపు టొప్పు నందరిలోన
పెండ్లి శుభము చెప్ప బెదరవలెను

దర్శి కొత్త సభ్యుడు:
మాస్టారూ, మూడో పాదంలో యతి తప్పిందండీ. ‘ఒ’కు ‘టొ’ ఎలా కుదురుతుంది?

కావలి మాస్టారు:
తప్పలేదు నాయనా. పంపుట, ఒప్పు. విడదీసి చూడు, అక్కడ ఉన్నది ఒకారమే. అయినా నువ్వు చెవితో విన్నావు, అది మంచి అలవాటే.

ఒంగోలు అక్కయ్య:
యతి సంగతి సరే. రెండో పాదం మాత్రం నాకు తెగ నచ్చింది. పాత కథలు చెబితే పెళ్లికొడుకు బరువు తగ్గుతుందన్నమాట! ఆ కిటుకు ముందే తెలిస్తే మా ఇంట్లో జిమ్ముకు డబ్బు కట్టేవాళ్లం కాదు.

కావలి మాస్టారు:
అది ‘పరువు’ అమ్మా. చెప్పన్ మీద సరళం వచ్చి బరువైంది. «చెప్పఁ బరువు» అని చదువుకోవాలి.

ఒంగోలు అక్కయ్య:
చదువుకోవడానికి అరసున్న ఎక్కడుంది మాస్టారూ? మాకు చెప్పేటప్పుడు వ్యాకరణం, మీరు రాసేటప్పుడు కీబోర్డులో లేదు. ఇదేమీ మొదటిసారి కాదులెండి. సంక్రాంతి సమస్యలో నెల్లూరు చేపల పులుసును గణం కోసం ‘చేప పులుసు’ చేశారు. ఒకే ఒక్క చేపతో ఊరందరికీ పులుసు పెట్టిన ఘనుడు మా మాస్టారు.

కావలి మాస్టారు:
ఆ పద్యానికి ఆ రోజు ‘ఆహా’ అన్నది కూడా మీరే. గుంపులో ఆహా, ఇంటికి ఫోన్ చేసి ఓహో ఇలా రాశారేంటి అన్నారు. ఈ వారం సమస్యకు మీకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఒంగోలు అక్కయ్య:
అనకూడనిది చాటుగా అన్నాను, అది మర్యాద. ఇదిగో నా పూరణ.

ఇద్దరున్న చోట నేమన్న చెల్లును
తిట్టు కూడ నచట తీపి యగును
ఏల గుంపు జూచి యీరీతి నేస్తమా
పెండ్లి శుభము చెప్ప బెదరవలెను

కావలి మాస్టారు:
రెండో పాదానికి చప్పట్లు. కానీ ‘ఏల’ పెట్టి ప్రశ్నగా తిప్పేయడం చాలా పాత చిట్కా. ఏ సమస్య ఇచ్చినా ఓ ‘ఏల’ తగిలిస్తే గట్టెక్కొచ్చు.

ఒంగోలు అక్కయ్య:
ఎక్కొచ్చు కదా, ఎక్కాను.

కోవూరు బాబాయి:
సమస్య అంటే నా సమస్య చెప్పమన్నారనుకున్నా. చెబుతా వినండి. మా వాడి పెళ్లికి వాడికి విడిగా పంపాల్సింది పొరపాటున గుంపులో పడేశాను. «ఒరే నల్లోడా, మొత్తానికి బుక్కయ్యావు, నా ఐదు వేలు ఇక వచ్చినట్టే» అని. వెంటనే అందరికీ కనపడకుండా తీసేశాను. తీసేసిన గుర్తు మాత్రం అక్కడే కూర్చుంది. ఇక వాళ్ల మామగారు «ఏంది బాబూ తీసేశారు?» అని గుంపులోనే అడిగారు. ఏం చెప్పాలి? అక్షింతల ఫొటో మసగ్గా వచ్చిందన్నాను.

ఒంగోలు అక్కయ్య:
బాబాయ్, ఐదు వేల కంటే ఆ ‘బుక్కయ్యావు’తోనే చిక్కు. ఇద్దరి మధ్యన అది వట్టి వేళాకోళం, పెళ్లికొడుకు నవ్వుకుంటాడు. అదే మాట పెళ్లికూతురు చదివితే? తనను చేసుకోవడం ఏదో జైలుకు పోవడం అన్నట్టుంటుంది. «నీ స్వేచ్ఛకు సెలవురా» కూడా అంతే. గుంపులో రాసేది వాడొక్కడికి కాదు, ఆ అమ్మాయికి కూడా. అందుకే అక్కడ ఇద్దరి పేర్లూ ఉండాలి, ‘నువ్వు’ కాస్తా ‘మీరిద్దరూ’ కావాలి.

దర్శి కొత్త సభ్యుడు:
అయితే గుంపులో ఏమీ రాయకుండా విడిగా పంపేస్తే పోలా?

ఒంగోలు అక్కయ్య:
పోదు. మా అన్నయ్య అలాగే చేశాడు. ఫోన్లో అరగంట మాట్లాడి, గుంపులో ఒక్క ముక్క రాయలేదు. ఆ పెళ్లికొడుకు వాళ్లమ్మ ఇప్పటికీ «మీవాడికి మా పెళ్లి పట్టలేదు» అంటుంది. గుంపులో ఒక్క వాక్యం అందరూ చూడ్డానికి, మిగతాదంతా విడిగా.

కావలి మాస్టారు:
ఆ ఒక్క వాక్యంలోనూ జారతారు. పెళ్లి రోజున «వివాహ దినోత్సవ శుభాకాంక్షలు» అని పెడతారు. అది ఏటేటా చెప్పేది. మూడు ముళ్లూ పడకముందే వార్షికోత్సవం చేసేస్తారు. ఇంకో సంగతి, పెళ్లికొడుకు కంటే చిన్నవాడు «ఆశీస్సులు» అనడం. మొన్న మా మేనల్లుడు వాళ్ల సార్ పెళ్లికి అలాగే దీవించాడు.

కందుకూరు కుర్రాడు:
అందరూ తిట్టుకోవడం అయ్యిందా? నాది సొంత అనుభవం.

నిన్న రాసినదియె నేడును పంపగా
వధువు పేరు మార్చ మరచిపోతి
గుంపు నెల్ల రచట గుడ్లప్పగించిరి
పెండ్లి శుభము చెప్ప బెదరవలెను

నిర్వాహకుడు:
అయ్యబాబోయ్, ఇంకో పెళ్లికూతురి పేరా! తర్వాత ఏమైంది?

కందుకూరు కుర్రాడు:
ఫోన్ రెండు రోజులు ఆపేశాను. మంచి మాటలు కదా అని ఒకసారి రాసి అన్ని పెళ్లిళ్లకూ వాడుతున్నా. ఆ వారం రెండు ముహూర్తాలు పడ్డాయి.

కావలి మాస్టారు:
‘గుడ్లప్పగించిరి’ అదిరింది. రెండో పాదంలో మాత్రం ‘వ’కూ ‘మ’కూ యతి చెల్లదు. ఒక్క మాట మార్చి, తిప్పి వేస్తే చాలు. «మార్చ మరచిపోతి మగువ పేరు». వధువు పోయి మగువ వచ్చింది, అంతే.

ఒంగోలు అక్కయ్య:
బాగుంది. ఆ ‘మగువ’ మాత్రం ఎవరైనా కావొచ్చు. పెళ్లికూతురి పేరు మారిందంటేనే కదా గుండె ఆగేది. యతి కుదిరింది కానీ నవ్వు సగం పోయింది.

కావలి మాస్టారు:
యతి లేని నవ్వు నాకెందుకమ్మా?

కందుకూరు కుర్రాడు:
నేను మగువే ఉంచుకుంటాను మాస్టారూ. అక్కా, కోప్పడకు.

కోవూరు బాబాయి:
ఇంతకీ నా ఐదు వేల సంగతి ఎవరూ తేల్చలేదు.

నిర్వాహకుడు:
ఆలస్యానికి మన్నించండి. గుంపులో «చి. వరుడికి, చి.ల.సౌ. వధువుకు హృదయపూర్వక వివాహ శుభాకాంక్షలు» అని పెట్టి ఊరుకున్నాను. అప్పటికే ముప్పై దాకా అవే మాటలు వచ్చి ఉన్నాయి. ఎవరూ చదివినట్టు లేదు, వాడు అందరికీ కలిపి ఒక్క దండం బొమ్మ పెట్టాడు. విడిగా మాస్టారి పద్యం పంపాను, ఇక్కడున్నది ఉన్నట్టే. దాని కింద, ఉలవపాడు తోటలో మామిడికాయలు కోస్తూ పట్టుబడితే మా ఇద్దరిలో ఎవడు ముందు ఏడ్చాడో గుర్తు చేశాను. పావుగంటకు జవాబొచ్చింది: «ఏడ్చింది నువ్వే. సరేగానీ, నా బరువు సంగతి ఆ మాస్టారికి ఎవడు చెప్పాడ్రా? పెళ్లి షేర్వాణీ బొత్తాం పట్టడం లేదని మా ఇంట్లోనే ఇద్దరికి తెలుసు.»

కావలి మాస్టారు:
అరసున్న పెట్టి మళ్లీ పంపు.

ఒంగోలు అక్కయ్య:
వద్దు, వద్దు. అలాగే ఉండనీ.