అప్‌డేట్: పోయిన 60 మార్కుల లెక్క తేలింది

నా ప్రశ్న: "ఈఏపీసెట్ నమూనా పరీక్షలో 160కి 100 వచ్చాయి. పోయినవాటిలో అజాగ్రత్త వల్ల 25, సమయం చాలక 25, అవగాహన లేక 10 అనుకుంటున్నాను. వేగం పెంచుకోవాలా?"

మీరు చెప్పినట్టే మర్నాడు అమలాపురంలో మా కాలువ గట్టు అరుగు మీద కూర్చుని, గడియారం, కీ రెండూ చూడకుండా ఆ 60 ప్రశ్నలూ మళ్లీ చేశాను. సమయం చాలలేదనుకున్న 25లో తీరిగ్గా చేసినా వచ్చినవి 9 మాత్రమే! మిగతా 16 అసలు తెలియనివే, ఎక్కువ భాగం భ్రమణ గమనంలోవి. వాటి దగ్గర తడుముకోవడం వల్లే సమయం అయిపోయింది.

అజాగ్రత్త అనుకున్నవాటిలోనూ 3 ఒకే తప్పు: నిశ్చిత సమాకలనంలో x = sin θ అని ప్రతిక్షేపించి, అవధులను 0, 1గానే ఉంచేశాను. అవి 0, π/2 కావాలి. ఒకే చోట మళ్లీ మళ్లీ జరిగితే అది అజాగ్రత్త కాదని మా బాబాయి గట్టిగా అన్నారు, నిజమే.

ఇప్పుడు అవగాహన లోపం 29, అజాగ్రత్త 22, సమయం 9. వేగం సాధన ఆపేశాను. ఈ పది రోజులూ భ్రమణ గమనమే, జడత్వ భ్రామకంతో మొదలుపెట్టాను.