ఫొటోలు బాగున్నాయి, ప్యాకేజీ మాత్రం తగ్గింది: రివ్యూ ఎలా రాయాలి?

పెళ్లికూతురి అక్క: ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, 8 గంటలు, 60 రోజుల్లో ఎడిట్ చేసిన ఫొటోలు అని రాసుకున్నాం. కెమెరాతో ఒక్కతనే కనిపించాడు. ఫొటోలు గడువు దాటి చాలా రోజులకు వచ్చాయి. కానీ ఉన్నవి బాగున్నాయి, మనిషి కూడా మర్యాదస్తుడు. రివ్యూలో ఎన్ని స్టార్లు ఇవ్వాలి?

చిన్నబాబు: ఫొటోలు బాగుంటే 4 ఇవ్వండి. పదేళ్ల తర్వాత ఆలస్యం ఎవరికీ గుర్తుండదు, ఫొటోలే ఉంటాయి. పైగా రెండోవాడు రాలేదని గట్టిగా ఎలా చెప్పగలరు? పెళ్లి హడావిడిలో మీరు గమనించకపోయి ఉండొచ్చు. ఫైల్ వివరాల్లో కెమెరా మోడల్ ఉంటుంది. రెండు మోడళ్లు కనిపిస్తే ఇద్దరూ వచ్చినట్టే.

ఎడిటింగ్ టేబుల్: ఫైల్ వివరాలు చూడమనడం మంచి సలహానే, కానీ రెండు మోడళ్లు ఉన్నంత మాత్రాన ఇద్దరు మనుషులని కాదు. మాలో చాలామంది ఒక్కరే రెండు కెమెరాలు తగిలించుకుని తిరుగుతాం. ఒకదానికి దూరం లెన్స్, ఇంకోదానికి వైడ్ లెన్స్.

అక్కగారూ, విండోస్ కంప్యూటర్లో ఫొటో Properties తెరిచి Details లో Date taken చూడండి. వరుసగా పేర్చితే మొదటి ఫొటోకీ చివరి ఫొటోకీ మధ్య ఎంతసేపు ఉందో తెలుస్తుంది, 8 గంటల లెక్క అక్కడ తేలుతుంది. తర్వాత ఒకే నిమిషంలో రెండు వేర్వేరు గదుల్లో తీసిన ఫొటోలు పదేపదే ఉన్నాయా అని వెతకండి. ఉంటే ఇద్దరు వచ్చినట్టే, ఒక్కడు రెండుచోట్ల ఉండలేడు కదా. అయితే రెండు కెమెరాల గడియారాలు ఒకే టైముకి పెట్టకపోతే లెక్క తప్పుతుంది. అందుకని రెండింటిలోనూ పడిన ఒకే సంఘటన ఏదైనా పట్టుకుని టైములు సరిపోల్చండి. కొందరు ఫైళ్లు ఇచ్చేటప్పుడు ఈ వివరాలన్నీ తీసేస్తారు, అప్పుడు ఈ దారి పనికిరాదు.

మేడమీద గది: నాదీ ఇదే బాధ. మా ఫొటోగ్రాఫర్ ఎడిట్ చేయని రా ఫైళ్లు ఇవ్వనన్నాడు! ఒక్క స్టార్ ఇచ్చేశాను. మీరూ అదే చేయండి.

ఎడిటింగ్ టేబుల్: రా ఫైళ్లు ఇస్తామని రాసిచ్చి ఇవ్వకపోతే అది మాట తప్పడం. ముందే మాట్లాడుకోకపోతే ఇవ్వకపోవడమే మామూలు. ఇక్కడి ప్రశ్న అది కాదండీ.

పెళ్లికూతురి అక్క: చూశాను. టైము సరిపోయింది, 8 గంటల పైనే ఉన్నాడు. కెమెరా మోడళ్లు రెండు, గడియారాలూ కలిశాయి. కానీ ఒకే సమయంలో రెండుచోట్ల తీసినవి ఒక్కటీ లేవు. చెల్లి తయారవుతున్నంతసేపూ ఫొటోలన్నీ ఆ గదిలోవే. అదే గంటలో పక్క గదిలో పెళ్లికొడుకు, వాళ్ల అమ్మగారు ఉన్నారు. వాళ్లవి అసలు లేవు. ఆవిడ ఇప్పటికే రెండుసార్లు అడిగారు.

ఎడిటింగ్ టేబుల్: అయితే రివ్యూలో మొదటి వాక్యం అదే కావాలి. రెండో మనిషిని పెట్టుకునేదే ఒకే సమయంలో రెండోచోటు కూడా పడాలని. ఆ గంట మళ్లీ తీయలేరు, ఆలస్యం కంటే అది పెద్ద లోటు.

'బాగున్నాయి' అన్నారు, ఫోన్లో చూసి అన్నారా? ఒకసారి పెద్ద తెరమీద అసలు సైజుకి పెంచి నుదుటి దగ్గర జుట్టు చూడండి. వెంట్రుకలు విడివిడిగా ఉండాలి. ముద్దగా, చర్మం మైనంలా ఉంటే చీకటి ఫొటోల్లో చుక్కచుక్కలుగా కనిపించే నాయిస్ తీయబోయి అతి చేశారన్నమాట. ఫొటో కొలతలు కూడా చూడండి. పొడవు వైపు 2048 పిక్సెళ్లే ఉంటే అవి నెట్‌లో పెట్టుకోవడానికి చేసినవి. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన ప్రింట్ చేస్తే 7 అంగుళాలు కూడా రావు.

పెళ్లికూతురి అక్క: 6000 x 4000 ఉన్నాయి. జుట్టు స్పష్టంగా ఉంది. ఎడిటింగ్‌కి వంక పెట్టలేను.

చిన్నబాబు: రెండు కెమెరాల సంగతి ఒప్పుకుంటాను. కానీ గడువు ఎప్పటి నుంచి లెక్క? పెళ్లి రోజు నుంచా, మీరు ఫొటోలు ఎంచి పంపిన రోజు నుంచా?

పెళ్లికూతురి అక్క: 'పెళ్లి తేదీ నుంచి' అనే ఉంది. మేం ఎంచేది ఆల్బమ్‌కే, అది వేరు.

ఎడిటింగ్ టేబుల్: అలాగైతే ఆలస్యం అతనిదే. ఇలా రాయండి: 'ఇద్దరు వస్తారని రాసిచ్చారు, ఒక్కరే తీశారు. అందువల్ల పెళ్లికొడుకు వైపు తయారీ ఫొటోలు లేవు. గడువు పెళ్లి నుంచి 60 రోజులు, అది దాటి చాలా రోజులకు ఇచ్చారు. వచ్చినవాటి ఎడిటింగ్ బాగుంది, పెళ్లిలో అందరితో మర్యాదగా ఉన్నారు.' నేనైతే 2 స్టార్లు ఇస్తాను. కానీ పోస్ట్ చేసేముందు రెండో మనిషి డబ్బు వెనక్కి ఇవ్వమని అతన్ని రాతపూర్వకంగా అడగండి. జవాబు ఏం వచ్చిందో అదీ రివ్యూలో చేర్చండి.

చిన్నబాబు: డబ్బు వెనక్కి ఇస్తే కూడా 2 యేనా? తప్పు దిద్దుకున్నవాడికీ, ఫోనే ఎత్తనివాడికీ ఒకే మార్కులు వేస్తారా? నేను ఒప్పుకోను.

ఎడిటింగ్ టేబుల్: ఇస్తే 3. అంతకంటే ఎక్కువ ఇవ్వలేను. డబ్బు వచ్చినా ఆ అమ్మగారి ఫొటో రాదు.

పెళ్లికూతురి అక్క: ఈ రాత్రే మెసేజ్ పెడుతున్నాను. జవాబు వచ్చాక స్టార్ల సంగతి ఇంట్లో మాట్లాడుకుంటాం. చెల్లి 4 అంటోంది, వాళ్ల అత్తగారు 1 అంటున్నారు.