ఫొటో తీసేశారు, మాటలు మిగిలాయి: ఈ చిత్తూరు కూర పేరేమిటి?

అడిగినామె, విశాఖ: నిన్న పెట్టిన ఫొటో తీసేశాను. అందులో ఆ ఇంటి పిల్లల ముఖాలు పడ్డాయి, ఉంచడం బాగుండదనిపించింది. జనవరిలో చిత్తూరులో ఒకరింటికి వెళ్ళినప్పుడు నా స్నేహితురాలు తీసిన ఫొటో అది. తిన్నదాని పేరు ఆమె అడగలేదు, నేను చూడగానే గుర్తుపట్టలేదు. ఇద్దరం గుర్తు చేసుకుని రాస్తున్నాను. దోసెల పక్కన గిన్నెలో కూర. పులుసంత పలచగా లేదు, ముద్దగానూ లేదు. ఎరుపుకీ పసుపుకీ మధ్య రంగు, పైన కాస్త నూనె తేలుతోంది. అందులో చిటికెనవేలి గోరంత పప్పులు. నోట్లో వెన్నలా కరిగాయట, కానీ గిన్నెలో మాత్రం ఒక్కటీ చిదిమిపోలేదు. కొబ్బరి, గసగసాల రుచి తెలిసిందట. దీన్ని చిత్తూరులో ఏమంటారు?

బెంగళూరు నుంచి ఒకరు: తీసేసిన ఫొటో ఫోన్లో డిలీట్ అయిన వాటిలో కొన్నాళ్ళు ఉంటుందండీ, వెతకండి. మా అమ్మ షష్టిపూర్తి ఫొటోలు పోతే నాకు అట్లాగే దొరికాయి.

అడిగినామె: ఫొటో కావాలనుకుంటే నా దగ్గరే ఉందండీ. పెట్టకూడదనే మాటల్లో రాశాను. పేరు కావాలి.

నెల్లూరు తమ్ముడు: పచ్చి బఠాణీ కుర్మా అక్కా. జనవరిలో పచ్చి బఠాణీలు బాగా వస్తాయి. కొబ్బరి, గసాలు నూరి పోశారంటే అది కుర్మానే.

తిరుపతి తెలుగు టీచరు: మసాలా విషయంలో తమ్ముడు చెప్పింది కరెక్టే. అయితే ఆకారం తెలియకుండా బఠాణీ అనలేం. అమ్మా, మీరు "పప్పులు" అని రాశారు. చూసి రాశారా, అలవాటుగా రాశారా? తొక్కతో ఉంటే గింజ అంటాం, తొక్క తీస్తే పప్పు, రెండుగా చీలితే బద్ద. గిన్నెలో ఉన్నది ఈ మూడింటిలో ఏదో చెప్పండి. గుండ్రంగా ఉందా, చదునుగా ఉందా అన్నది కూడా.

అడిగినామె: ఫొటో మళ్ళీ చూశాను, ఆమెనీ అడిగాను. గుండ్రం కాదు. చదునుగా, ఒక పక్క కొద్దిగా వంపు తిరిగి ఉన్నాయి. తొక్క నోటికి ఎక్కడా తగల్లేదంది. చాలావరకు నిండుగానే ఉన్నాయి, కొన్ని మాత్రం రెండుగా విడిపోయాయి.

పలమనేరు పెద్దమ్మ: ఇంకేముండాది తల్లీ, పితికిపప్పు. చలికాలంలో మా పక్క అనపకాయలు వస్తాయి. వలిచి, ఆ గింజల్ని నీళ్ళలో వేస్తాం. లేతవైతే నాలుగైదు గంటలు, ముదురువైతే రాత్రంతా నానాల. నానినాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తొక్క చేతిలో నిలిచి పప్పు బయటికి దూకుతాది. అట్లా ఒక్కో గింజా పితకాల్సిందే, అందుకే ఆ పేరు. గట్టిగా నొక్కినవి బద్దలుగా విడిపోతాయి. మీ స్నేహితురాలు చూసిన విడిపోయినవి అవే అయ్యుంటాయి.

అడిగినామె: ఆనపకాయలో అంత పెద్ద గింజలుంటాయా పెద్దమ్మా? ముదిరిన కాయతో కూర చేస్తారా?

తిరుపతి తెలుగు టీచరు: మీ విశాఖ ఆనపకాయ మాకు సొరకాయ. ఇక్కడ అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ, చెనిక్కాయ చేనులోనో రాగి చేనులోనో సాళ్ళ మధ్య వేస్తారు. మొదటి అక్షరం దీర్ఘమా కాదా అన్నదాన్ని బట్టి కూరగాయే మారిపోతుంది.

కుప్పం అన్న: అంతగా సాగదీయడం ఎందుకు, అనపగింజల కూర అంటే సరిపోతుంది కదా. రెండూ ఒకే కాయలోవి.

పలమనేరు పెద్దమ్మ: కాయ ఒకటే నాయనా, కూర ఒకటి కాదు. అనపగింజల కూరలో తొక్క తీయం. ఒక్కో గింజ అంచున తెల్లటి గీత, కాస్త ఉబ్బెత్తుగా కనబడతాది. ఉడికినా పోదు. పితికినామంటే తొక్కతో పాటు ఆ గీత కూడా పోతాది. తల్లీ, ఫొటోలో అంచున తెల్లగీత ఉండాదా?

అడిగినామె: లేదు పెద్దమ్మా. పెద్దది చేసి చూశాను, అంచులు నున్నగా ఉన్నాయి.

నెల్లూరు తమ్ముడు: మరి డబల్ బీన్స్ కావొచ్చుగా? అవీ చదునుగానే ఉంటాయి, మెత్తగానే ఉడుకుతాయి.

తిరుపతి తెలుగు టీచరు: డబల్ బీన్స్ ఇంతకంటే పెద్దవి, తొక్కతోనే వండుతారు. ఉడికాక ఆ తొక్క ముడతలు పడుతుంది, నోటికి తెలుస్తుంది. తొక్క తగల్లేదని ఆవిడ స్పష్టంగా చెప్పారు. శనగపప్పు కూడా కాదు, అది బద్దగానే ఉంటుంది, ఎంత ఉడికినా పిండిపిండిగా నలుగుతుంది తప్ప వెన్నలా కరగదు.

పలమనేరు పెద్దమ్మ: ఇంకొక్కటి అడుగుతా. రంగు గిన్నె పైన చూసి చెప్పొద్దు. పసుపు, మిరప్పొడి పట్టి పప్పు పైన ఎట్లాగూ రంగు మారతాది. విడిపోయిన బద్ద లోపల ఏ రంగు ఉండాది?

అడిగినామె: లోపల లేత ఆకుపచ్చ కలిసిన మీగడ రంగు.

పలమనేరు పెద్దమ్మ: అయితే పచ్చి కాయలు వలిచిందే. ఎండు గింజలు నానబెట్టి పితికినా పప్పు వస్తాది, కానీ లోపల పచ్చదనం ఉండదు, దంతం రంగులో ఉంటాది. జనవరి అన్నారు కదా, నెల కూడా కుదిరింది. ఎర్రగడ్డలు, టమాటా వేయించి, అల్లం తెల్లగడ్డ నూరింది, మిరప్పొడి, ధనియాల పొడి వేసి, పప్పు వేసి నీళ్ళు పోస్తాం. పప్పు మెత్తబడినాకనే టెంకాయ, గసాలు, చెక్క, లవంగం నూరిన ముద్ద కలపాల. ముందే కలిపితే అడుగంటుతాది. కుక్కర్లో పెడితే ఒక్క విజిలు ఎక్కువైనా అంతా కలిసిపోతాది, పప్పు ఆకారమే ఉండదు. ఒక్కటీ చిదిమిపోలేదన్నారు చూడండి, మూతపెట్టి గిన్నెలోనే ఉడికించి ఉంటారు. ఆ ఇంటామెకు చెయ్యి తిరిగింది.

కుప్పం అన్న: తెల్లగీత సంగతి నేను ఎప్పుడూ గమనించలేదు పెద్దమ్మా, ఒప్పుకుంటున్నా. మా ఊరి కన్నడం వాళ్ళు దీన్ని హితికిద బేళె అంటారు.

తిరుపతి తెలుగు టీచరు: అదే మాట. మన పాలు వాళ్ళకి హాలు, పులి హులి. పితకడం హితకడమైంది. తమిళంలో ప అట్లాగే నిలిచింది, పిదుక్కు పరుప్పు అంటారు. మూడు భాషల వాళ్ళూ రుచిని బట్టో రంగును బట్టో కాకుండా వేళ్ళతో చేసే పనిని బట్టే పేరు పెట్టుకున్నారు. అందుకే "తొక్క తగల్లేదు" అన్న మాట వినగానే పెద్దమ్మ చెప్పగలిగారు.

నెల్లూరు తమ్ముడు: మరి కూర అనాలా, కుర్మా అనాలా? మసాలా అంతా కుర్మాదే కదా.

పలమనేరు పెద్దమ్మ: మా ఇంట్లో పితికిపప్పు అంటే చాలు, ఆ వెనక మాట పెట్టం. దోసెలోకి కాస్త చిక్కగా, సంగటిలోకి జారుగా చేస్తాం.

కుప్పం అన్న: మా ఇంట్లో పలచగా చేస్తే పితికిపప్పు చారు అంటారు. కుర్మా అనడం మాత్రం నేను వినలేదు.

అడిగినామె: స్నేహితురాలికి చెప్పాను, చాలా సంతోషించింది. ఒక్క సందేహం మిగిలింది. కూరలో నాలుగైదు చిన్న తెల్లటి ముక్కలున్నాయి. ఒకటి కొరికితే గట్టిగా తగిలిందట. ఉర్లగడ్డ అయితే మెత్తగా ఉండాలి కదా?

తిరుపతి తెలుగు టీచరు: సరిగా నూరని టెంకాయ పలుకులేమో.

పలమనేరు పెద్దమ్మ: ఇంత బాగా వండిన మనిషి టెంకాయ నలగకుండా వేస్తాదా? నాకు నమ్మకం లేదు. ఆ ముక్కలు చదునుగా ఉండాయా, గుండ్రంగా కోసినట్టు ఉండాయా చూసి చెప్పు తల్లీ.

అడిగినామె: నూనె కింద సగం మునిగి ఉన్నాయి పెద్దమ్మా, తెలియడం లేదు. ఆమె మళ్ళీ ఆ ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగమంటాను.